మామగారి కేక, అత్తగారి పంటినొప్పి

మా ఇంట్లో ఈ కథ ఇప్పటికి నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. క్రిస్మస్ రోజున జరిగిందని మా పెద్దమ్మాయి అంటుంది. కాదు, అప్పటికి పండగ ఇంకా రాలేదు. రాజమండ్రి ఆసుపత్రిలో జరిగిందని మా చిన్నవాడు అంటాడు. అదీ కాదు, నరసాపురం కాలువలో కట్టేసిన పడవలో జరిగింది. మా మామగారి పన్ను పీకారని మనవలు నవ్వుకుంటారు. ఆయన పళ్ళు చివరిదాకా ఆయన నోట్లోనే ఉన్నాయి. నేను అక్కడే కూర్చుని చూసినదాన్ని కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. కొవ్వూరికీ రాజమండ్రికీ మధ్య గోదావరిలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్న కాలం అది. నేను కాపురానికి వచ్చి రెండో చలికాలం.

మా మామగారు మిషను వారి ఉపదేశి. మా పల్లెలోనూ, కాలువ దిగువన ఉన్న మరో రెండు పల్లెల్లోనూ సంఘాన్ని చూసుకునేవారు. మా ఆయన పాఠశాల ఉద్యోగం వల్ల వారమంతా వేరే ఊళ్ళో ఉండి శనివారం వచ్చేవారు. అంచేత ఇంట్లో మామగారు, అత్తగారు, నేను. ముగ్గురిలో మాట్లాడేది ఒక్కరే. ఎవరో చెప్పనక్కర్లేదు.

మామగారికి దేవుడి తర్వాత శుభ్రత. ముఖ్యంగా పంటి శుభ్రత. పొద్దున్నే కాలువ రేవులో నిలబడి, వేపపుల్ల చివర నమిలి, దాన్ని ఇటుక పొడిలో ముంచి, నేను ఇత్తడి బిందె తోమేటప్పుడు కూడా వాడనంత బలం వాడేవారు. అటూ ఇటూ, అటూ ఇటూ. రేవుకి వచ్చిన వాళ్ళందరికీ పంటి తెలుపు మీద ఒక చిన్న ప్రసంగం. పళ్ళు తెల్లగానే ఉండేవి, నిజమే. కాకపోతే చిగుళ్ళు ఆ తోముడికి భయపడి వెనక్కి జరిగిపోయాయి. పంటి మొదళ్ళు పసుపుపచ్చగా బయటపడి, గాట్లు పడి ఉండేవి.

దాంతో ఆయనకి చల్లనిది తగిలితే చాలు. చలికాలం ఉదయం కుండలో నీళ్ళు నోట్లో పోసుకునేవారు, వెంటనే కేక. కాలువ అవతలి గట్టున గేదెలు తలెత్తి చూసేవి. ఆ కేక మొదలై ముగిసేలోపు నొప్పి వెళ్ళిపోయేది. అది ఆయనే చెప్పేవారు. "మెరుపండీ, మెరుపు. ఇలా వచ్చింది, ఇలా పోయింది." పోయినదాన్ని గురించి మాత్రం మధ్యాహ్నం భోజనందాకా వర్ణించేవారు. మంగలిని పిలిచి ఆ ముందు పన్ను పీకెయ్యమని రెండుసార్లు అడిగారు. మంగలి వేళ్ళతో కదిపి చూసి, "ఇది బండరాయిలా ఉందండి బాబూ. లాగితే దవడ వస్తుంది కానీ పన్ను రాదు" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అత్తగారి సంగతి వేరు. ఆవిడ కేక వెయ్యలేదు. కనుక ఆవిడకేమీ లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

నేనూ ఆవిడా ఒకే గదిలో పడుకునేవాళ్ళం. ఎప్పుడు మెలకువ వచ్చినా ఆవిడ పక్క మీద ఉండేది కాదు. గోడకి ఆనుకుని, ఎడమ చెంప కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. పడుకోండి అత్తయ్యగారూ అంటే, "పడుకుంటే అది లేస్తుందే. నేను కూర్చుంటే కాస్త అది కూర్చుంటుంది" అనేది.

"ఏది లేస్తుంది?"

"చెవిపోటు."

చెవిపోటని ఆవిడ నిర్ణయం. నొప్పి చెవిలోకి పొడిచేది కాబట్టి. కానీ నేను వంట దగ్గర చూసింది మరొకటి. వేడి పులుసు నోట్లో పెట్టుకుంటే చెయ్యి చెంపకి వెళ్ళేది. చల్లటి మజ్జిగ తాగినా వెళ్ళేది. వెళ్ళిన చెయ్యి తొందరగా తిరిగి వచ్చేది కాదు. ఒంటిచేత్తో కూర తరిగి, ఒంటిచేత్తో వడ్డించి, మామగారు భోజనం ముగించి చెయ్యి కడుక్కున్నా ఆవిడ రెండో చెయ్యి చెంప మీదే ఉండేది. చెవిపోటు ఉన్నవాళ్ళకి పులుసు తాగితే నొప్పి ఎందుకు రావాలి అని ఒకసారి అడిగాను.

"నీకు తెలీదులే. చెవికీ నోటికీ లోపల దారి ఉంటుంది" అంది.

ఆ దారి మీద నమ్మకంతో రోజూ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోయించుకునేది. పొయ్యడం నా పని. ఆ దారి నిజంగా ఉంటే ఆ పాటికి ఆవిడ నోట్లో పోపు వెయ్యొచ్చు, అంత పోశాను.

నూనెతో తగ్గడం లేదని నేను చెప్పేసరికి మామగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. శుక్రవారం. పొద్దున్నించి ఎవరూ గంజి కూడా తాగకూడదు. ప్రార్థన పాకలో సంఘమంతా కూర్చుంది, కోతలకి వెళ్ళవలసిన వాళ్ళు కూడా కూలి మానుకుని వచ్చారు. మామగారి ప్రార్థన సృష్టి దగ్గర మొదలైంది. నోవహు ఓడ దిగేసరికే పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఎర్రసముద్రం దాటేసరికి పెద్దవాళ్ళు కూడా తలుపు వైపు చూస్తున్నారు. చెవి గురించిన మాట వచ్చేసరికి ఎండ పాక అవతలి వైపుకి తిరిగింది. ఆఖరికి ఆయన కళ్ళు తెరిచి, "అమ్మా, ఇప్పుడెలా ఉంది?" అన్నారు, అందరి ముందూ, భార్యని.

అత్తగారు ఒకసారి అందరి మొహాలూ చూసింది. ఆకలి మొహాలు. లేచి నిలబడి, "చెవిపోటు పోయిందండి. ప్రభువుకి స్తోత్రం" అంది.

స్తోత్రం అన్న మాట నోట్లో ఉండగానే పాక ఖాళీ అయింది.

ఇంటికి వచ్చాక నేను అడిగితే, "ఏం చెయ్యమంటావే? పోలేదంటే ఆయన మళ్ళీ ఆదికాండం నుంచి ఎత్తుకుంటారు. ఆ పసిపిల్లలు చచ్చిపోరూ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన మొహం చూశావా, ఎలా వెలిగిపోతోందో" అని కూడా అంది.

ఆ సాక్ష్యంతో ఆవిడ నోటికి తాళం పడింది. మామగారు మూడు పల్లెల్లోనూ ఆ సంగతి ప్రకటించేశారు. ఇక ఆవిడ నొప్పి అనడానికి లేదు, నూనె అడగడానికి లేదు, అందరూ చూస్తుండగా చెంప పట్టుకోవడానికీ లేదు. గోడకి ఆనుకుని కూర్చోవడం మాత్రం మిగిలింది. వారం తిరిగేసరికి కళ్ళు లోపలికి పోయాయి. పులుసు మానేసింది, తర్వాత అన్నం కూడా కుడివైపుతో రెండు ముద్దలు నమిలి లేచిపోయేది. నాకు భయం వేసింది. మా పుట్టింటి వీధిలో ఒకావిడ దవడ వాచి, ఆ వాపు గొంతుకి దిగి, జ్వరంతో పోవడం నేను చిన్నప్పుడు చూశాను.

మిషను వైద్యురాలు పడవ మీద వస్తోందన్న కబురు అప్పుడు వచ్చింది. ఆవిడ దొరసాని. కాలువల్లో నీళ్ళున్నన్నాళ్ళు పడవలోనే మందుల పెట్టెలు పెట్టుకుని ఊరూరా తిరిగేది. మా రేవులో ఒక్క పూట ఆగుతుంది. ఆ పూట దాటితే మళ్ళీ ఏ నెలకో. కబురు వినగానే మామగారు తన ముందు పన్ను పీకించుకోవడానికి సిద్ధమయ్యారు. అత్తగారి మాట ఎత్తలేదు. ఎత్తడానికేముంది, ఆవిడకి నయమైపోయింది కదా.

మా ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. దొరగారు వచ్చినా దొరసాని వచ్చినా ఉపదేశి ఇంటివారు గోలీసోడా ఇవ్వాలి. నరసాపురం నుంచి తెప్పించి, రాత్రంతా తడి ఇసకలో పాతిపెట్టి, పొద్దున్న తియ్యాలి. మార్గశిర మాసపు చలిలో తడి ఇసకలో ఉన్న సోడా ఎంత చల్లగా ఉంటుందో రాయక్కర్లేదు. దొరసానికి అది అక్కర్లేదని నా అనుమానం. ఆవిడ పడవలో దట్టమైన శాలువా కప్పుకుని తుమ్ముతూ కూర్చుని ఉంది. అయినా మర్యాద మర్యాదే. మామగారు, అత్తగారు, నేను సీసాలు తీసుకుని పడవ ఎక్కాం. గట్టు మీద సంఘం సగం నిలబడి చూస్తోంది.

మామగారు రెండు గ్లాసుల్లో పోశారు, ఒకటి దొరసానికి, ఒకటి తనకి. దొరసాని మూడో గ్లాసు తెప్పించి అత్తగారికి ఇచ్చింది.

"అమ్మా, నీవును త్రాగుము. నీవు త్రాగనిదే నేను త్రాగను."

ఆవిడ తెలుగు అంతా సువార్త చదివినట్టు ఉండేది. పాపం ఆ పుస్తకంలోంచే నేర్చుకుంది. అత్తగారు మొగుడి ముందు ఏమీ తాగే మనిషి కాదు. కానీ దొరసాని గ్లాసు చేత్తో పట్టుకుని కదలకుండా కూర్చుంది. చేసేది లేక అత్తగారు ఒక గుటక వేసింది. సరిగ్గా అప్పుడే మామగారూ వేశారు.

మామగారి కేకకి పడవ ఊగింది. గట్టు మీద పిల్లలు నవ్వారు. ఆయన గ్లాసు కింద పెట్టి, "చూశారా అమ్మగారూ, మెరుపు. ఇలా వచ్చింది, ఇలా పోయింది. ఇదిగో, ఇప్పుడు లేదు. ఈ పన్నే. దీన్ని తమరు పీకి పుణ్యం కట్టుకోవాలి. సంవత్సరం నుంచీ నన్ను ఇది..." అంటూ మొదలుపెట్టారు. ఎప్పుడు మొదలైందీ, మంగలి ఏమన్నదీ, చింతపండు తింటే ఎలా ఉండేదీ, మామిడికాయ తింటే ఎలా ఉండేదీ, అన్నీ వరసగా.

దొరసాని తల ఊపుతూనే ఉంది. కళ్ళు మాత్రం ఆయన మీద లేవు. అత్తగారి చెయ్యి మీద ఉన్నాయి. చెయ్యి చెంప మీద ఉంది. మామగారు చింతపండు దాటి మామిడికాయకి వచ్చారు, చెయ్యి అక్కడే ఉంది. మామిడికాయ దాటి నేరేడుపండుకి వచ్చారు. అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి అక్కడే ఉంది. దొరసాని తనని చూస్తోందని గ్రహించి చప్పున చెయ్యి దించేసి, కొంగు సర్దుకున్నట్టు నటించింది.

"అమ్మా, ఈ చల్లదనము వలన నీకు నొప్పి కలిగెనా?"

"అబ్బే, లేదండి."

"దానికి లేదండి అమ్మగారూ" అన్నారు మామగారు. "ఉండేది, చెవిపోటు. ప్రార్థనలో పోయింది. సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పింది."

"కలిగి, పోయెనా?"

"పోయిందండి" అంది అత్తగారు, గట్టు వైపు ఒకసారి చూసి.

"అట్లయిన మిగిలినది త్రాగుము."

గ్లాసులో ఇంకా సగం పైన ఉంది. అత్తగారు దాన్ని పెదవుల దాకా ఎత్తింది. అక్కడే ఆపింది. మామగారి మొహం చూసింది. ఆయన ఏమీ అనుమానం లేకుండా నవ్వుతున్నారు. ఇప్పుడు ఆవిడ అది తాగేస్తే ఇంక అంతే, పడవ వెళ్ళిపోతుంది.

ఆవిడ గ్లాసు కింద పెట్టేసింది.

"తాగలేనండి. పోలేదు. ఇప్పటికీ పీకుతోంది. పడుకోలేను. పడుకుంటే సలుపు, కూర్చుంటే కాస్త నయం."

"రాత్రివేళ దానంతట అదే వచ్చి నిన్ను మేలుకొలుపుచున్నదా?"

"నిద్రపోతే కదండీ మేలుకొలపడానికి."

మామగారు భార్య గ్లాసు అందుకుని ఎంత మిగిలిందో చూశారు.

దొరసాని ముందు చెవి చూసింది. ఒక చిన్న గరాటాలాంటిది పెట్టి, అద్దంతో వెలుగు వేసి, చాలాసేపు చూసి, "ఈ చెవి ఆరోగ్యముగా ఉన్నది. ఇందులో వెల్లుల్లి మాత్రమే ఉన్నది" అంది. తర్వాత నోరు తెరవమని, సన్నటి ఇనప కడ్డీతో ఎడమవైపు కింది పళ్ళ మీద ఒక్కొక్కటిగా మెల్లగా తట్టింది. చివరి పంటికి పక్కనున్న దాన్ని తట్టేసరికి అత్తగారు ఆవిడ మణికట్టు పట్టేసుకుంది. ఆ పంటికి వెనకవైపు గుంట ఉంది. నల్లగా, మినపగింజ పట్టేటంత.

"పంటి లోపల చిన్న గది కలదు" అని చెప్పింది దొరసాని. "ఆ గదిలో నరమును రక్తమును ఉండును. ఈమె పంటి పుచ్చు ఆ గదిలోనికి చేరినది. లోపల వాచుచున్నది. గోడలు గట్టివి, వాపునకు చోటు లేదు. పండుకొనినప్పుడు తలకు రక్తము హెచ్చుగా వచ్చును, కాబట్టి రాత్రి బాధ ఎక్కువ. ఆ నొప్పి చెవిలో ఉన్నట్టు తోచును, గాని చెవిది కాదు."

"మరి నా పంటికి గది లేదాండీ?" అంటూ మామగారు తన నోరూ తెరిచారు. దొరసాని ఆ ముందు పన్ను కూడా తట్టి చూసింది.

"కలదు. దాని తలుపు మూసియే ఉన్నది. మీ చిగుళ్ళు దిగిపోయి, పంటి పైపొర అరిగినది. చలి వచ్చి తలుపు తట్టి వెళ్ళిపోవుచున్నది. లోపల ఎవరికిని జబ్బు లేదు. మీరు దేనితో తోముదురు?"

"ఇటుక పొడితోనండి."

దొరసాని కడ్డీ కింద పెట్టేసింది. సువార్తలో ఇటుక పొడికి తగిన మాట దొరకలేదనుకుంటాను. ఆఖరికి, "అది మానుడి. మెత్తని సుద్దపొడి వాడుడి. మెల్లగా తోముడి. మీ పన్ను నేను తీయను" అంది. మామగారు చిన్నబుచ్చుకున్నారు. ఏడాది పాటు కేకలు వేసి సంపాదించుకున్న జబ్బు జబ్బే కాదంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

అత్తగారి పన్ను మాత్రం ఆ పూటే తియ్యాలంది. మద్రాసులో అయితే నరం తీసేసి పన్ను ఉంచే వాళ్ళు ఉన్నారట. ఇక్కడ ఆ పనిముట్లు లేవు. ఊరుకుంటే నొప్పి ఒకనాడు దానంతట అదే ఆగిపోవచ్చు, అప్పుడు నయమైందనుకుంటారు, కానీ లోపలిది చచ్చి, చీము ఎముకలోకి దిగుతుంది, దవడ వాస్తుంది, గొంతుకి వస్తే మనిషి దక్కదు అని చెప్పింది. చెప్పేటప్పుడు మామగారి మొహంలోకే చూసి చెప్పింది.

మామగారు గొంతు తగ్గించి, "అమ్మగారూ, గట్టు మీద సంఘమంతా ఉంది. నయమైందని నేను మూడు ఊళ్ళలో చెప్పాను. ఇప్పుడు పన్ను పీకితే నా మాటా, దాని సాక్ష్యం..." అన్నారు.

ఆయన పూర్తి చెయ్యకుండానే అత్తగారు అందుకుంది. నేను చూస్తుండగా ఆవిడ ఆయన మాటకి అడ్డం రావడం అదే మొదలు.

"నా సాక్ష్యానికేమైందండీ? నేనన్నది చెవిపోటు పోయిందని. చెవికి ఏమీ లేదని దొరసానిగారే చూసి చెప్పారు. మీరు ప్రార్థించింది చెవికి. పంటికి మీరు ప్రార్థించనే లేదు. సృష్టి నుంచీ ఎర్రసముద్రం దాకా అన్నీ చెప్పారు కానీ పన్ను మాట వచ్చిందా? మీరే చెప్పండి."

మామగారు ఆలోచించారు. నిజాయితీపరుడు. "రాలేదు" అన్నారు.

"మరింకేం. అమ్మగారూ, తియ్యండి."

దొరసాని పంటి చుట్టూ చిగురుకి తిమ్మిరెక్కే మందు రాసింది. అది సగమే పని చేసింది. దొరసాని పనిముట్టుతో పన్ను పట్టుకుని, ఒక్కసారిగా లాగకుండా, అటూ ఇటూ మెల్లగా కదుపుతూ, చాలాసేపు ఓపిక పట్టింది. నేను వెనక నిలబడి అత్తగారి తల పట్టుకున్నాను. ఆవిడ ఒక చేత్తో నా కొంగు పట్టుకుంది, రెండో చెయ్యి మామగారి చేతిలో ఉంది. ఆవిడ అరవలేదు. అరిచింది మామగారు, ఆవిడ గోళ్ళు దిగి. గట్టు మీద జనం దొరసాని ఉపదేశిగారి పన్ను పీకుతోందనుకున్నారు. మనవలు చెప్పుకునే తప్పు కథ అక్కడ పుట్టింది.

పన్ను వచ్చాక దొరసాని దాన్ని నీళ్ళలో కడిగి చూపించింది. ఒక వేరు చివర చిన్న ఎర్రటి సంచీలాంటిది అంటుకుని ఉంది. ఆ గుంటలోంచి వచ్చిన వాసన నేను రాయను. గుడ్డ మడత పెట్టి గాయం మీద కొరికి పట్టుకోమంది, ఆ రోజు నోరు గట్టిగా పుక్కిలించొద్దంది, మర్నాటి నుంచి ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు నోట్లో పట్టి వదలమంది. మధ్యాహ్నానికి పడవ విప్పి నరసాపురం వైపు వెళ్ళిపోయింది.

గట్టు ఎక్కగానే సంఘ పెద్ద ఒకాయన, "ఏంటండి ఉపదేశిగారూ, తమ పన్నేనా?" అని అడిగాడు. మామగారు వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూశారు. అవునంటే ఎవరూ పట్టుకోలేరు, కేక అందరూ విన్నారు. "నాది కాదు. మా ఇంటావిడది. నేను ప్రార్థన తప్పు చోట చేశాను" అన్నారు. ఆ పెద్దాయన తలపాగా సర్దుకున్నాడు. గుడ్డ కొరికి పట్టుకున్న అత్తగారు నా భుజం మీద వేసిన చెయ్యి నవ్వుకి కదలడం నాకు తెలిసింది.

సాయంత్రం నేను గంజి చల్లార్చి ఇచ్చాను. నాలుగు గుక్కలు తాగి, చాప పరిపించి, అందరికంటే ముందు పడుకుంది. పడుకోవడమంటే పూర్తిగా, ఎడమ చెంప తలగడ మీద ఆనించి. కాసేపటికి గురక వచ్చింది. మామగారు గుమ్మంలో నిలబడి విని, "ఇది గురక పెడుతుందని నాకు ఇన్నేళ్ళూ తెలీదు" అన్నారు.

మా పల్లెలో తెల్లవారుజాము ప్రార్థనకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టి పిలిచేవారు. అది మా ఇంటి చూరుకే ఉండేది. మర్నాడు నేను లేచి వాకిలి ఊడుస్తుంటే మామగారు సుత్తి పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నారు. లోపల గురక వినిపిస్తూనే ఉంది. ఆయన సుత్తి అరుగు మీద పెట్టి, చెప్పులు విడిచి, ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి పిలవడానికి చలిలో బయలుదేరారు. జనం వచ్చేసరికి ఎండ వచ్చింది. ఆలస్యమైందని ఆయన ఎవరినీ ఏమీ అనలేదు, ఆ పూట ప్రార్థన కూడా పొట్టిగానే చేశారు.